ప్రొఫైల్ ఫోటోని ఎంతవరకు దిద్దవచ్చు?

డేటింగ్ ప్రొఫైల్‌లో పెట్టే ఫోటోని అసలు ముట్టుకోకూడదని కొందరంటారు. నేనలా అనుకోను. ఎందుకంటే కెమెరా కూడా ముఖాన్ని ఉన్నదున్నట్టు చూపించదు. సెల్ఫీనే తీసుకోండి. ఫోన్ ముక్కుకి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, చెవులకి సుమారు 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. దగ్గరున్నది పెద్దగా పడుతుంది కాబట్టి, చెవులతో పోలిస్తే ముక్కు మూడో వంతు పెరిగిపోతుంది. అదే మీటరున్నర దూరం నుంచి తీస్తే ఆ తేడా 7 శాతం దాటదు. 2018లో అమెరికా పరిశోధకులు వేసిన లెక్క కూడా దీనికి దగ్గరగానే ఉంది: 12 అంగుళాల నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు, 5 అడుగుల నుంచి తీసిన ఫోటోలో కంటే దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుంది.

మరి యాప్‌లో ఆ ముక్కుని సన్నం చేస్తే మోసమా? కెమెరా పెంచినంత మేరకే తగ్గిస్తే కాదు. కానీ ఎక్కడ ఆగాలో చేతికి తెలియదు. ముక్కు తగ్గించాక దవడ వెడల్పుగా అనిపిస్తుంది, దాన్ని లోపలికి నొక్కితే కళ్ళు చిన్నవైపోయినట్టు ఉంటాయి. అలా ఒక్కో మార్పూ ఇంకో మార్పుని అడుగుతూ పోతుంది. అంతకంటే ఫోన్‌ని మీటరున్నర దూరంలో నిలబెట్టి, టైమర్ పెట్టి, వెనక కెమెరాతో తీసి, కావలసినంత క్రాప్ చేసుకోవడం మేలు. దూరం తెచ్చిన వంకర అక్కడితో పోతుంది. ఆ తర్వాత కూడా ముఖం ఆకారం మారిస్తే, మార్చింది కెమెరా తప్పుని కాదు, మనిషిని.

చర్మం విషయంలో ప్రశ్న ఒక్కటే: కలిసే రోజుకి ఇది ఉంటుందా? మొటిమ, బల్బు వెలుతురు పూసిన పసుపు తీసేయవచ్చు. పుట్టుమచ్చ, పాత గాటు, కళ్ళ చుట్టూ ముడతలు మాత్రం మీతోపాటే వస్తాయి. చర్మాన్ని నున్నగా చేసే స్లైడర్‌కి ఈ తేడా తెలియదు, చిన్న గీతలన్నిటినీ కలిపి చెరిపేస్తుంది. కనుబొమల వెంట్రుకలు విడివిడిగా కనబడకపోతే అది హద్దు దాటినట్టే. మొటిమ ఒక్కదాన్నే మచ్చలు తీసే టూల్‌తో తీయండి.

చివరి తీర్పు మాత్రం మీది కాకూడదు. 2008లో ఎప్లీ, విట్‌చర్చ్ అనే పరిశోధకులు, మనుషులకి తమ ముఖాన్నే అందంగా, అందవిహీనంగా మార్చిన రూపాల మధ్య కలిపి చూపించారు. అసలు ముఖం కంటే కొంత అందంగా దిద్దినదాన్నే తమదిగా గుర్తించే మొగ్గు కనబడింది. ఫోటో దిద్దేటప్పుడు కూడా కంటికి ఇదే భ్రమ.

అందుకే మిమ్మల్ని ఒకటి రెండుసార్లే చూసినవాళ్ళకి ఫోటో చూపించండి. స్నేహితులు మిమ్మల్ని ఎలా దిద్దినా పోల్చుకుంటారు, కాబట్టి వాళ్ళ మాట ఇక్కడ అంతగా పనికిరాదు. బాగుందా అని కాకుండా, ఈ ఒక్క ఫోటో చూసి జనంలో నన్ను పట్టుకోగలరా అని అడగండి. వాళ్ళు తటపటాయిస్తే, ముందు ఆకారంలో చేసిన మార్పులు, తర్వాత చర్మానికి చేసినవి ఒక్కొక్కటిగా వెనక్కి తీసి మళ్ళీ చూపించండి.