మార్చి జీతాలు, కరెంటు బిల్లు ఏ ఏడాది ఖర్చు? చిన్న షాపుల లెక్కల్లో అపోహలు - వాస్తవాలు

ఒక బట్టల షాపును ఉదాహరణగా తీసుకుందాం. 2024 ఏప్రిల్ 1న తెరిచారు. యజమాని ఒక్కరే, ముగ్గురు పనివాళ్లు. నెల జీతాలు 14,000, 12,000, 9,000, మొత్తం 35,000. జీతం ఎప్పుడూ తర్వాతి నెల 5న ఇస్తారు. కరెంటు మీటరు రీడింగ్ నెలనెలా 11న తీస్తారు. ఇప్పుడు 2025 మార్చి 31తో మొదటి ఏడాది లెక్కలు మూయాలి.

అపోహ: డబ్బు ఏప్రిల్‌లో ఇచ్చాం కాబట్టి అది ఏప్రిల్ ఖర్చే.

లెక్కలు మర్కంటైల్ పద్ధతిలో రాస్తుంటే ఖర్చు తేదీని డబ్బు ఇచ్చిన రోజు నిర్ణయించదు. పని జరిగిన రోజు, కరెంటు కాలిన రోజు నిర్ణయిస్తాయి. పనివాళ్లు మార్చి నెలంతా కౌంటర్లో నిలబడ్డారు, ఆ నెల అమ్మకాలు ఈ ఏడాదిలోనే పడ్డాయి. ఆ అమ్మకాలకైన జీతం మాత్రం వచ్చే ఏడాదికి పోతే ఈ ఏడాది లాభం లేనిపోని ఎక్కువగా కనిపిస్తుంది. మన షాపులో జీతాల ఖాతా తెరిచి చూస్తే 3,85,000 ఉంటుంది, అంటే 11 నెలలే. ఉండాల్సింది 4,20,000. తప్పు పట్టుకోవడానికి ఇంతకంటే తేలికైన దారి లేదు: జీతాల ఖాతా మొత్తాన్ని నెల జీతంతో భాగించి 12 వస్తుందో లేదో చూడండి.

పాత షాపు ఈ పద్ధతికి ఇప్పుడే మారితే చిక్కు మరోలా ఉంటుంది. 2024 మార్చి జీతం ఏప్రిల్‌లో ఇచ్చినప్పుడే 2024-25 ఖర్చులో పడిపోయి ఉంటుంది. దానికి 2025 మార్చి జీతం కలిపితే 13 నెలలవుతాయి. ఆ పాత నెలను జీతాల్లో కలిపి ఉంచకుండా గత కాలపు ఖర్చుగా విడిగా చూపాలి. పన్ను లెక్కలో దాన్ని ఎలా తీసుకోవాలో రిటర్ను వేయకముందే ఆడిటర్‌తో తేల్చుకోవాలి.

అపోహ: చేతికి ఇవ్వాల్సినంతే రాస్తే చాలు.

రెండో పనివాడు మార్చి 20న 4,000 అడ్వాన్సు తీసుకున్నాడు. కాబట్టి ఏప్రిల్ 5న ముగ్గురికీ కలిపి ఇవ్వాల్సింది 31,000. చాలామంది ఈ 31,000నే ఖర్చు రాసేస్తారు. అప్పుడు 4,000 ఖర్చు మాయమవుతుంది, అడ్వాన్సు ఖాతాలో మాత్రం ఆ పనివాడు ఇంకా మనకు బాకీ ఉన్నట్టు మిగిలిపోతుంది. మార్చి 31న వేయాల్సిన ఎంట్రీ ఇది: జీతాల ఖాతాకు 35,000 డెబిట్, అడ్వాన్సు ఖాతాకు 4,000 క్రెడిట్, చెల్లించాల్సిన జీతాలకు 31,000 క్రెడిట్. నాగాల కోత ఉంటే అదీ మార్చి 31 నాటికే తెలుస్తుంది. అందుకే జీతాల్లో అంచనా వేయాల్సింది దాదాపు ఏమీ ఉండదు.

యజమాని తనకోసం తీసుకునే డబ్బును ఇందులో కలపకండి. యజమాని ఒక్కరే ఉన్న షాపులో అది సొంత వాడకం కిందికే వస్తుంది, జీతం కాదు.

అపోహ: మార్చిలో వచ్చిన కరెంటు బిల్లు కట్టేశాం, బాకీ లేదు.

ఎక్కువగా తప్పేది ఇక్కడే. మార్చి 11న వచ్చిన బిల్లు ఫిబ్రవరి 11 నుంచి మార్చి 11 దాకా కాలిన కరెంటుది. మార్చి 11 నుంచి 31 దాకా, అంటే 20 రోజుల కరెంటుకు ఇంకా ఏ బిల్లూ లేదు. బిల్లు లేకపోయినా ఆ కరెంటు ఈ ఏడాదే కాలింది.

దీనికి మంచి పద్ధతి, మార్చి 31న షాపు మూసే ముందు మీటరును ఫోనుతో ఫోటో తీసుకోవడం. తేదీతో ఉన్న ఆ ఫోటోను లెక్కల ఫైల్లో ఉంచితే అంచనాకు ఆధారం ఉంటుంది. మన షాపులో గత బిల్లు రీడింగ్‌కూ ఈ ఫోటోకూ తేడా 480 యూనిట్లు, అంటే రోజుకు 24. గత బిల్లులో 28 రోజులకు 560 యూనిట్లు, అంటే రోజుకు 20 మాత్రమే. ఎండలు ముదిరి ఫ్యాన్లు, ఏసీ వాడకం పెరిగింది. పాత బిల్లును రోజులతో భాగించి ఉంటే 80 యూనిట్లు తక్కువ పడేవి.

ఇక రేటు. మార్చి 11 బిల్లు మొత్తం 7,130. దాన్ని అలాగే 560తో భాగించకూడదు. అందులో 900 పాత బకాయి, ఇది ముందే ఖర్చు రాసేశాం. మరో 350 వెనకటి నెలల వాడకంపై ఇప్పుడు వేసిన సర్దుబాటు చార్జీ. రెండూ తీసేస్తే ఆ నెల సొంత చార్జీలు 5,880, యూనిట్‌కు 10.50. స్థిర చార్జీలు కూడా ఈ సగటులోనే ఉన్నాయి, చిన్న షాపుకు ఈ మాత్రం చాలు. 480 యూనిట్లకు 5,040 అవుతుంది. కరెంటు ఖర్చుకు డెబిట్, చెల్లించాల్సిన కరెంటు చార్జీలకు క్రెడిట్. కరెంటు ఆఫీసు అదనపు డిపాజిట్ కట్టించుకుని ఉంటే అది ఆస్తి, ఖర్చులో కలవదు.

అపోహ: టాలీలో Reversing Journal వేస్తే ఏప్రిల్ 1న దానంతట అదే తిరగబడుతుంది.

పేరు చూసి మోసపోవద్దు. టాలీలో ఆ వోచరు ఊహాత్మక నివేదికల కోసం ఉంది. సినారియో పెట్టి చూస్తేనే కనిపిస్తుంది, అసలు ఖాతాల్లోకి ఎక్కదు. దాంతో వేస్తే మార్చి 31 లాభనష్టాల పట్టికలో ఈ 5,040 ఉండనే ఉండదు. F7 నొక్కి మామూలు Journal వేయండి. ఏప్రిల్ 1 తేదీతో దానికి ఎదురు ఎంట్రీ మనమే వేయాలి.

ఆ ఎదురు ఎంట్రీ ఎందుకంటే, ఏప్రిల్ 11న 744 యూనిట్లకు 7,850 బిల్లు వచ్చింది. దాన్ని ఎప్పటిలా పూర్తిగా ఖర్చు రాస్తారు. ఏప్రిల్ 1న 5,040 తిరగరాసి ఉంటే కొత్త ఏడాదికి మిగిలేది 2,810, అంటే దాదాపు 11 రోజుల కరెంటు. తిరగరాయడం మరిస్తే అదే కరెంటు రెండేళ్లలోనూ ఖర్చవుతుంది. జీతాలకు ఈ ఎదురు ఎంట్రీ అక్కర్లేదు, మొత్తం కచ్చితంగా తెలుసు. ఏప్రిల్ 5న చెల్లింపు రాసేటప్పుడు జీతాల ఖాతాను కాకుండా చెల్లించాల్సిన జీతాల ఖాతాను డెబిట్ చేస్తే సరిపోతుంది.

అపోహ: చెల్లించని జీతానికి పన్నులో మినహాయింపు రాదు.

ఇది 2025-26 లెక్కల దాకా వర్తించే 1961 ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 43బి ని సగం విన్నందువల్ల పుట్టిన మాట. బోనస్, పీఎఫ్‌లో యజమాని వాటా లాంటివి రిటర్ను గడువులోపు నిజంగా కడితేనే ఆ ఏడాది ఖర్చుగా ఒప్పుకుంటారు. నెల జీతం, కరెంటు చార్జీ ఆ జాబితాలో లేవు.

అసలు ప్రమాదం మరోచోట ఉంది. సెక్షన్ 40ఎ(3ఎ) ప్రకారం, ఒక ఏడాది బాకీగా ఖర్చు రాసి, తర్వాతి ఏడాది ఒకే మనిషికి ఒకే రోజు 10,000 మించి నగదు ఇస్తే, ఆ మొత్తం ఇచ్చిన ఏడాది ఆదాయంలో కలుస్తుంది. మన షాపులో 14,000 జీతం ఏప్రిల్ 5న నోట్లు లెక్కపెట్టి ఇస్తే 2025-26 ఆదాయానికి 14,000 కలుస్తుంది. ఖర్చు నిజమైనదే, పని జరిగింది, డబ్బు ఇచ్చాం, అయినా పన్ను పడుతుంది. బ్యాంకు బదిలీ గానీ యూపీఐ గానీ అయితే ఈ సమస్యే లేదు. మిగతా ఇద్దరికీ చేతికిచ్చేది 8,000, 9,000 కాబట్టి వాళ్లకు ఈ నిబంధన తగలదు.

సెక్షన్ 44ఎడి కింద అమ్మకాలపై శాతంగా ఆదాయం చూపే షాపుకు ఈ ఎంట్రీల వల్ల పన్ను మారదు. అయితే అప్పు కోసం బ్యాంకుకు లాభనష్టాల పట్టిక ఇస్తే మాత్రం, ఈ 40,040 రాయని షాపు తన మొదటి ఏడాది లాభాన్ని అంతమేర ఎక్కువ చేసి చూపినట్టే.

ఏప్రిల్ 30న ఒకసారి చెల్లించాల్సిన జీతాలు, చెల్లించాల్సిన కరెంటు చార్జీలు, ఈ రెండు ఖాతాలూ తెరవండి. ఏప్రిల్ జీతాన్ని ఇంకా రాయకముందు రెండింటిలోనూ సున్నా ఉండాలి. జీతాల్లో 31,000 మిగిలితే చెల్లింపును తప్పు ఖాతాలో రాశారు, కరెంటులో 5,040 మిగిలితే ఏప్రిల్ 1 ఎంట్రీ పడలేదు.