చొక్కా మార్చమంటే ముఖం ఎందుకు మారింది?

ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల నాన్నగారు పోయాక గోడకు పెట్టడానికి సరైన ఫొటో దొరకలేదు. ఎవరిదో పెళ్లిలో తీసిన నిలువెత్తు ఫొటో ఒక్కటే మిగిలింది. గళ్ల చొక్కా బదులు తెల్ల లాల్చీ, పట్టు కండువా ఉంటే బాగుంటుందని దాన్ని ఒక ఏఐ ఎడిటర్‌లో పెట్టారు. కండువా జరీ అంచుతో సహా చక్కగా వచ్చింది. ముఖం చూసి మాత్రం వాళ్లమ్మ "ఇది మీ బాబాయిలా ఉందే" అన్నారట. అడిగింది చొక్కా మార్చమని. ముఖం జోలికి ఎందుకు వెళ్లింది?

వెళ్లకుండా ఉండటం దానికి చేతకాదు. ఇలాంటి ఎడిటర్లలో చాలావరకు ఫొటోలో ఒక భాగాన్ని మార్చి మిగతాది వదిలేయవు. మొత్తం బొమ్మను మళ్లీ గీస్తాయి. చిందరవందర చుక్కల్లాంటి నాయిజ్‌ని కొద్దికొద్దిగా తీసేస్తూ బొమ్మ గీసే ఈ పద్ధతిని డిఫ్యూజన్ అంటారు. క్లాసుల్లో దాన్ని చెప్పేటప్పుడు నాయిజ్ సమీకరణాలతో బోర్డు నింపి, బొమ్మను కుదించి మళ్లీ విప్పే ఆటోఎన్‌కోడర్‌ని ఒక డబ్బా గీసి వదిలేస్తారు. నాకు ఆ డబ్బా అంటేనే ఇష్టం. ముఖం మొదట జారిపోయేది అక్కడే.

లోపలి వివరాలు బయటపెట్టిన స్టేబుల్ డిఫ్యూజన్ అనే బొమ్మల మోడల్ తొలి తరాన్నే తీసుకుందాం. 512 × 512 పిక్సెళ్ల ఫొటోని అది నేరుగా చూడదు. ముందు దాన్ని 64 × 64 గళ్లుగా కుదిస్తుంది. ఒక్కో గడిలో నాలుగు అంకెలే ఉంటాయి. అంటే 8 × 8 పిక్సెళ్ల చదరంలో ఉన్న 192 రంగు విలువలు నాలుగు అంకెల్లో సర్దుకోవాలి. ఈ కుదించిన రూపాన్నే లేటెంట్ అంటారు. మార్పులన్నీ అక్కడే జరుగుతాయి. చివర్లో డీకోడర్ దాన్ని మళ్లీ పిక్సెళ్లుగా విప్పుతుంది.

ఇప్పుడు నాన్నగారి ఫొటోకి లెక్క కడదాం. నిలువెత్తు ఫొటో కాబట్టి ముఖం 64 పిక్సెళ్ల వెడల్పు, 80 పిక్సెళ్ల ఎత్తు ఉందనుకోండి. లేటెంట్‌లో అది 8 × 10 గళ్లు. మొత్తం ముఖానికి 320 అంకెలు. కన్ను వెడల్పు ముఖంలో సుమారు ఐదో వంతు, అంటే 13 పిక్సెళ్లు, గడిన్నర. కనుపాప చుట్టూ ఉండే నల్లటి వలయం ఒక గడికి కూడా రాదు. చెంప మీద పుట్టుమచ్చ ఉంటే రెండు పిక్సెళ్లు. దానికంటూ ఒక అంకె కూడా దక్కదు. ఇంకో వైపు నుంచి చూడండి. మనిషి ముఖం వెడల్పు 14 సెంటీమీటర్లు అనుకుంటే, ఈ ఫొటోలో కంటి మూల ఒక్క పిక్సెల్ పక్కకు జరిగినా అసలు ముఖంలో రెండు మిల్లీమీటర్లకు పైగా జరిగినట్టే. గళ్ల చొక్కాలో గీత అంత జరిగితే ఎవరికీ తెలియదు. కళ్ల మధ్య దూరం అంత మారితే, నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషికి వెంటనే తెలుస్తుంది.

చుక్కలు మాత్రం ఉంచి గీతలు చెరిపేసిన ముగ్గును వేరే ఇంటావిడ పూర్తి చేసినట్టే ఇది. చుక్కలు ఎక్కడివక్కడే ఉంటాయి, మెలికలు మాత్రం ఆవిడ చేతి అలవాటు ప్రకారం వస్తాయి. మోడల్ చేతి అలవాటు అది శిక్షణలో చూసిన కోట్ల ఫొటోల నుంచి వచ్చింది. పైగా ఎడిట్ కోసం లేటెంట్ మీద నాయిజ్ కలిపి కొన్ని చుక్కల్ని కూడా చెరిపేస్తారు. ఎంత చెరపాలో చెప్పేదే Denoising strength అనే మీట. 0.2 దగ్గర పెడితే చొక్కా మారదు, 0.7 దగ్గర పెడితే ముఖం మిగలదు. ఖాళీ అయిన చోట ఎక్కువమందిలో కనిపించేదే వచ్చి చేరుతుంది. అందుకే మచ్చ పోతుంది, చర్మం నునుపవుతుంది, వంకర చిరునవ్వు సమంగా సర్దుకుంటుంది. బాబాయి పోలిక అలా వచ్చిందే.

దీనికి విరుగుడుగా చాలామంది "ముఖం అస్సలు మార్చవద్దు" అని ప్రాంప్టులో మూడుసార్లు రాస్తారు. ఇది తాయెత్తు లాంటి నమ్మకమే. కొత్త ఎడిటర్లు ఆ మాటను కొంతవరకు అర్థం చేసుకుంటాయి, నిజమే. కానీ గడిలో ఇమడక పోయిన మచ్చని ఏ మాటా వెనక్కి తేలేదు.

పని చేసే పద్ధతి సాదాసీదాగా ఉంటుంది. అసలు ముఖం పిక్సెళ్లు మీ దగ్గరే ఉన్నాయి, వాటినే తిరిగి పెట్టండి. మార్చాల్సిన చోటు తెల్లగా, మిగతాది నల్లగా ఒక మాస్క్ గీసుకోవాలి. ఆ మాస్క్‌తో ఇన్‌పెయింట్ చేయాలి, అంటే తెల్లగా ఉన్న చోటునే మళ్లీ గీయించాలి. ఇక్కడితో ఆగితే చాలదు. మాస్క్ బయట పాత లేటెంట్‌నే ఉంచినా, డీకోడర్ చివర్లో ముఖాన్ని మళ్లీ గీస్తుంది. కొన్ని ఎడిటర్లు ఆ తర్వాత అసలు పిక్సెళ్లను అతికిస్తాయి, కొన్ని అతికించవు. కాబట్టి ఆ పని పైథాన్‌లో Pillow లైబ్రరీతో మనమే చేసుకోవడం మేలు:

```python
from PIL import Image, ImageFilter
orig = Image.open("orig.png").convert("RGB")
edit = Image.open("edit.png").convert("RGB")
mask = Image.open("mask.png").convert("L")
mask = mask.filter(ImageFilter.GaussianBlur(4))
Image.composite(edit, orig, mask).save("out.png")
```

మూడు బొమ్మలూ ఒకే కొలతలో ఉండాలి. ఎడిట్‌లో తల కొంచెం పక్కకు జరిగి ఉంటే మెడ దగ్గర అతుకు కనిపిస్తుంది. అప్పుడు సరిచేయాల్సింది అతుకును కాదు, ఎడిట్‌నే మళ్లీ చేయాలి. నాన్నగారి ఫొటోకైతే మాస్క్ గడ్డం కింద నీడకు కాస్త దిగువ నుంచి మొదలుపెట్టమని చెప్పాను. ఆ నీడ ముఖంతోనే ఉండాలి. లాల్చీ తర్వాత కండువా రంగు నచ్చక మళ్లీ మార్చాలంటే ఎడిట్ చేసిన దాని మీద ఇంకో ఎడిట్ వేయకూడదు. ప్రతిసారీ అసలు ఫొటో నుంచే మొదలుపెట్టాలి. లేకపోతే ప్రతి చుట్టులోనూ ఇంకాస్త పోలిక పోతుంది.

ముఖం నిజంగా మారలేదని తెలుసుకోవడం తేలిక. గింప్ అనే ఉచిత ఫొటో ఎడిటర్‌లో అసలు ఫొటోని, మార్చిన ఫొటోని ఒకదాని మీద ఒకటి పెట్టి, పై లేయర్ మోడ్‌ని Difference చేయండి. ముఖం ఉన్న చోటంతా పూర్తిగా నల్లగా ఉంటే ముఖం మారలేదన్నమాట. కళ్లు, పెదవులు మసకగా తేలితే మళ్లీ గీసిందన్నమాట.

జుట్టు దగ్గర కథ కష్టమవుతుంది. బట్టలకీ ముఖానికీ మధ్య మెడ ఉంది, జుట్టుకీ నుదుటికీ మధ్య ఏమీ లేదు. అంచు పిక్సెళ్లలో సగం వెంట్రుక, సగం చర్మం. మాస్క్‌ని పాత జుట్టు ఆకారంలోనే గీస్తే కొత్త జుట్టు కూడా అదే ఆకారంలో వస్తుంది. పొడవు జుట్టు కావాలంటే మాస్క్ భుజాల మీదకి దిగాలి. నుదుటి మీద పడిన జుట్టు తీసేయాలంటే కింద ఉన్న నుదురు, దాని నీడలు మోడల్ ఊహించాల్సిందే. చెవులు కప్పి ఉన్న ఫొటోలో జుట్టు పొట్టిగా చేస్తే ఆ చెవులు ఆ మనిషివి కావు. ఆ చెవులు కనిపించే ఇంకో ఫొటో ఉంటే దాన్నే వాడుకోవాలి.

ఆర్క్‌ఫేస్ లాంటి ముఖ గుర్తింపు మోడల్ ఇచ్చే 512 అంకెల ముద్రని కలిపి పోలిక నిలబెట్టే పద్ధతులూ ఉన్నాయి. తల తిప్పాల్సి వచ్చినప్పుడు అవి అవసరం. కానీ ఆ ముద్రని తయారు చేసిందే వయసు, వెలుతురు, నవ్వు మారినా మనిషిని పట్టుకోవడానికి. అందుకే అది ఎవరో చెబుతుంది, ఆ రోజు ముఖం ఎలా ఉందో చెప్పదు. దాంతో ముఖం పోలిక నిలుస్తుంది కానీ కంటి కింద ముడతలు మళ్లీ ఊహే.

పిక్సెళ్లన్నీ కాపాడినా ఇంకో చిక్కు మిగులుతుంది. 1996లో పవన్ సిన్హా, తొమాసో పోజియో అనే పరిశోధకులు ఒక ఫొటో చూపించారు. అందులో అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్, ఉపాధ్యక్షుడు గోర్ పక్కపక్కన ఉన్నట్టు కనిపిస్తారు. నిజానికి ఇద్దరికీ కళ్లు, ముక్కు, నోరు ఒక్కటే, క్లింటన్‌వి. గోర్ జుట్టు, తల ఆకారం చూసి జనం గోర్ అనుకున్నారు. కాబట్టి జుట్టు మార్చాక Difference నల్లగా ఉన్నా "ఇది తను కాదు" అని ఇంట్లో వాళ్లు అంటే, ముఖం మీద ఇంకేమీ చేయకండి. నుదుటి దగ్గర జుట్టు మొదలయ్యే గీతని, పాపిటని అసలు ఫొటోలో ఉన్నట్టే ఉంచి, పొడవు, రంగు మాత్రం మార్చి చూపించండి.