దగ్గర్లో కాలేజీ ఉంటే జీతం పెరుగుతుందా: ఒక పాత లెక్క, విజయనగరంలో దానికొచ్చే చిక్కులు

ఇంటర్‌తో ఆగిపోయినవాళ్లకూ డిగ్రీ చేసినవాళ్లకూ జీతంలో తేడా ఎంతో సర్వే డేటా చేతిలో ఉన్న ఎవరైనా అరగంటలో చెప్పేస్తారు. ఆ తేడాలో చదువు తెచ్చింది ఎంత, చదువు లేకపోయినా వచ్చి ఉండేది ఎంత అనేది మాత్రం అంత తేలిగ్గా తేలదు. డిగ్రీ చేసిన కుర్రాడు మొదటి నుంచీ చురుకైనవాడు కావచ్చు. వాళ్ల నాన్న టీచరు కావచ్చు. వైజాగ్‌లో మేనమామ ఇల్లు ఉండి, ఉద్యోగం వెతుక్కునేదాకా అక్కడే తిని పడుకుని ఉండవచ్చు. జేకబ్ మిన్సర్ 1974లో స్థిరపరిచిన పద్ధతిలో జీతం లాగరిథమ్‌ను చదివిన ఏళ్ల మీద, అనుభవం మీద రిగ్రెస్ చేస్తే, ఇవన్నీ కలిసి చదువు ఖాతాలోనే జమపడతాయి.

దీనికి విరుగుడుగా వచ్చిందే ఇన్‌స్ట్రుమెంటల్ వేరియబుల్ పద్ధతి. ఇది పుట్టింది చదువుల లెక్కల్లో కాదు. ఫిలిప్ రైట్ 1928లో అమెరికాలో నూనెల మీద దిగుమతి సుంకం గురించి పుస్తకం రాస్తూ, వెనక అనుబంధంలో దీన్ని పెట్టాడు. అవిసె గింజల ధరా అమ్మకమూ రెండూ కలిసి కదులుతున్నప్పుడు, అందులో గిరాకీ పాత్ర ఎంతో, సరఫరా పాత్ర ఎంతో ఎలా విడదీయాలన్నది ఆయన ప్రశ్న. ఎకరాకు దిగుబడి లాంటిది ఒకటి పట్టుకోమన్నాడు. అది సరఫరాను కదిలిస్తుంది కానీ, కొనేవాడి కోరికను ముట్టుకోదు. ఇలాంటిదాన్నే ఇన్‌స్ట్రుమెంట్ అంటారు. దాని వల్ల కదిలిన మేరకే ధరనూ అమ్మకాన్నీ చూస్తే గిరాకీ బయటపడుతుంది. ఆ అనుబంధాన్ని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు.

చదువు విషయంలో అలాంటి కదలిక ఎక్కడ దొరుకుతుంది? మన ప్రాంతపు విద్యార్థులు ప్రాజెక్టులకు ఎంచుకునేది ఎక్కువగా ఆర్థికవేత్త డేవిడ్ కార్డ్ దారే. అందుకే దాని చరిత్ర కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

1966లో అమెరికాలో 14 నుంచి 24 ఏళ్ల కుర్రాళ్ల మీద ఒక పెద్ద సర్వే మొదలైంది. వాళ్లనే మళ్లీ మళ్లీ అడుగుతూ పోయారు. అందులో 3,010 మందికి 1976 నాటి జీతం, చదివిన ఏళ్లు, 1966లో ఇంటికి దగ్గర్లో నాలుగేళ్ల కాలేజీ ఉందా లేదా అనే వివరాలు ఉన్నాయి. దాదాపు 68 శాతం మందికి ఉంది. కార్డ్ 1993లో రాసి 1995లో అచ్చువేయించిన పేపర్‌లో వాదన ఇది: కాలేజీ దగ్గరుంటే ఇంట్లో తిని చదువుకోవచ్చు కాబట్టి ఖర్చు తగ్గుతుంది, చదువు కొంత పెరుగుతుంది. కానీ కాలేజీ పక్కన పెరిగినంత మాత్రాన పదేళ్ల తర్వాత ఏ యజమానీ జీతం పెంచడు.

లెక్క రెండు ముక్కల్లో చూడవచ్చు. ఇంకేమీ సర్దకుండా చూస్తే, కాలేజీ దగ్గరున్నవాళ్లు మిగతావాళ్లకన్నా సగటున 0.83 ఏళ్లు ఎక్కువ చదివారు. వాళ్ల లాగ్ జీతం 0.156 ఎక్కువ. రెండో దాన్ని మొదటి దానితో భాగిస్తే 0.188, అంటే ఏడాది చదువుకు సుమారు 19 శాతం. ఇది నమ్మేంత తక్కువ కాదు. కాలేజీలు ఊరికే ఎక్కడో ఉండవు, పట్నాల్లో ఉంటాయి. పట్నాల్లో జీతాలూ ఎక్కువే. అందుకని నివసించే ప్రాంతం, పట్నమా పల్లెనా, జాతి, అనుభవం అన్నీ సర్దితే చదువులో తేడా 0.32 ఏళ్లకు, జీతంలో తేడా 0.042కు దిగుతాయి. ఇప్పుడు భాగిస్తే 0.13. మామూలు రిగ్రెషన్ ఇచ్చేది 0.075.

అంటే చురుకుదనాన్ని తీసేస్తే తగ్గాల్సిన అంకె పెరిగింది! ఇది అప్పట్లో అందరినీ తికమక పెట్టింది. దీన్ని వివరించే ముందు ఇన్‌స్ట్రుమెంట్‌కు పెట్టే రెండు పరీక్షలు చూడాలి.

మొదటిది రెలవెన్స్. కాలేజీ దగ్గరుండటం నిజంగా చదువును కదిలించిందా అన్నది. దీన్ని డేటాలోనే చూడవచ్చు. కార్డ్ లెక్కలో 0.32కు ప్రామాణిక దోషం 0.088. ఒకే ఇన్‌స్ట్రుమెంట్ కాబట్టి ఈ రెండిటి నిష్పత్తిని వర్గం చేస్తే, ఇన్‌స్ట్రుమెంట్ బలాన్ని చెప్పే F విలువ 13 వస్తుంది. 1997లో స్టెయిగర్, స్టాక్ రాసిన పేపర్ తర్వాత F పది దాటితే చాలనే వాడుక స్థిరపడింది. ఆ వాడుక వెనక ఒక దెబ్బ ఉంది. ఆంగ్రిస్ట్, క్రూగర్ 1991లో పుట్టిన నెలల త్రైమాసికాన్ని ఇన్‌స్ట్రుమెంట్‌గా వాడారు. అమెరికాలో నిర్బంధ విద్య ఒక నిర్ణీత వయసు నిండే పుట్టినరోజుతో ముగుస్తుంది కాబట్టి, జనవరి–మార్చిలో పుట్టినవాళ్లు చట్టం ప్రకారం కాస్త ముందే బడి మానేయవచ్చు. తేడా ఏడాదిలో పదో వంతు మాత్రమే. మూడు లక్షల పైచిలుకు మనుషులున్నారు కదా, ఫర్వాలేదనుకున్నారు. బౌండ్, జేగర్, బేకర్ 1995లో అసలు త్రైమాసికాల బదులు కంప్యూటర్‌తో కల్పించిన త్రైమాసికాలు పెట్టి చూశారు. ఇన్‌స్ట్రుమెంట్లు పదుల సంఖ్యలో ఉన్న మోడళ్లలో, ఏ అర్థమూ లేని ఆ అంకెలతో కూడా చూడటానికి బాగానే ఉన్న ఫలితాలు వచ్చాయి. ఎంత పెద్ద డేటా అయినా, బలహీనమైన ఇన్‌స్ట్రుమెంట్లను గుట్టగా పోస్తే అంచనా మళ్లీ మామూలు రిగ్రెషన్ వైపే జారుతుంది.

(ఆ త్రైమాసికపు ఉపాయం ఇక్కడ ఎవరూ ప్రయత్నించకపోవడమే మేలు. పెద్దవాళ్ల సర్టిఫికెట్లలో ఎన్ని పుట్టిన తేదీలు జూన్ ఒకటో, జూలై ఒకటో తెలిసిందే. బడిలో చేర్చుకున్న మాస్టారు రాసిన తేదీలవి.)

రెండోది ఎక్సోజెనైటీ. దగ్గరుండటం చదువు ద్వారా తప్ప ఇంకే దారిలోనూ జీతాన్ని తాకకూడదు. దాంతోపాటు, జీతాన్ని పెంచే ఇతర గుణాలతో కలిసి తిరగకూడదు. ఒకే ఇన్‌స్ట్రుమెంట్ ఉన్నప్పుడు దీన్ని తేల్చే పరీక్ష ఏదీ సాఫ్ట్‌వేర్‌లో లేదు. ఇన్‌స్ట్రుమెంట్లు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా అని చూసే సార్గన్ పరీక్ష నడపాలంటే అవసరానికి మించి ఇన్‌స్ట్రుమెంట్లు కావాలి. అవి అన్నీ ఒకే వైపు తప్పితే ఆ పరీక్షా పట్టుకోలేదు. మిగిలేది పరోక్ష సాక్ష్యమే. కార్డ్ డేటాలోనే కొంతమందికి ఐక్యూ స్కోరు ఉంది. కాలేజీ దగ్గరున్నవాళ్లకు అది సగటున 2.6 పాయింట్లు ఎక్కువ. ఇది ప్రమాద సూచనే. అయితే ప్రాంతం, పట్నం సర్దగానే ఆ తేడా కనుమరుగవుతుంది. కాబట్టి ఈ ఇన్‌స్ట్రుమెంట్ నిలబడితే ఆ సర్దుబాట్లతోనే నిలబడాలి, విడిగా కాదు.

ఈ రెండు పరీక్షలనూ విడివిడిగా టిక్కు పెట్టుకుంటూ పోవడం దగ్గరే చాలా ప్రాజెక్టులు దెబ్బతింటాయని నా అభిప్రాయం. కాలేజీ ఊళ్లో ఉండటం వల్ల చదువుతో సంబంధం లేకుండా జీతం 2 శాతం పెరుగుతోందనుకుందాం. చిన్న తప్పే. కానీ దాన్ని 0.32తో భాగిస్తాం కాబట్టి అంచనాలో 6 శాతానికి పైగా తేడా వస్తుంది. 13 శాతానికీ 7.5 శాతానికీ మధ్య ఉన్న తేడా దాదాపు అంతే! మొదటి దశ, అంటే ఇన్‌స్ట్రుమెంట్ వల్ల చదువులో వచ్చే తేడా, 0.10కు పడిపోతే అదే 2 శాతం తప్పు 20 శాతం అవుతుంది. రెలవెన్స్ తగ్గేకొద్దీ ఎక్సోజెనైటీలో ఇసుక రేణువంత లోపమూ బండరాయి అవుతుంది.

ఇప్పుడు విజయనగరానికి వద్దాం. ఇక్కడి మహారాజా కళాశాల 1857లో బడిగా మొదలై, 1879లో కాలేజీ అయింది. అది ఇక్కడ వెలిసింది రాజులు ఇక్కడ ఉన్నందుకే. ఆ రాజుల ఊరికే కోర్టులొచ్చాయి, రైలొచ్చింది, చుట్టుపక్కల జనపనార మిల్లులొచ్చాయి. బొబ్బిలిదీ చిన్న కొలతలో ఇదే కథ. కాలేజీకి దగ్గరగా పెరిగినవాడు వీటన్నిటికీ దగ్గరగా పెరిగాడు. కాబట్టి విజయనగరం టౌన్‌కూ మందస కొండ పల్లెకూ పోలిక పెట్టి, ఆ తేడా అంతా కాలేజీదే అనడం కుదరదు. ఒకే మండలంలో, టౌన్‌కు దూరంగా ఉన్న పల్లెల మధ్యనే పోలిక పెట్టాలి. అలా పెట్టేసరికి రెలవెన్స్ పడిపోతుంది, ఎందుకంటే సాంఘిక సంక్షేమ హాస్టళ్లూ బస్ పాసులూ దూరం ఖర్చును ఇప్పటికే చాలావరకు తినేశాయి. ఎక్సోజెనైటీని కాపాడబోతే రెలవెన్స్ పోవడం అంటే ఇదే.

ఇంకో చిక్కు వలసది. శ్రీకాకుళం పల్లెలో ఇంటింటి సర్వే చేస్తే, దొరికేది ఊళ్లో మిగిలినవాళ్ల జీతాలు. చదివినవాడు వైజాగ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉంటాడు. చదవనివాళ్లలోనూ చాలామంది చెన్నైలో కట్టడం పనుల్లోనో, గుజరాత్ తీరంలో వేట పడవల మీదో ఉంటారు. దూరాన్ని మనిషి ఇప్పుడున్న చోటు నుంచి కొలిస్తే మరీ తప్పు. డిగ్రీ అయ్యాక టౌన్‌కు మారినవాడు కాలేజీకి దగ్గరున్నట్టు తేలతాడు. పదిహేనో ఏట ఎక్కడున్నావని అడగాలి. వలస వెళ్లినవాళ్ల జీతం కనీసం ఇంట్లోవాళ్లనైనా అడిగి రాసుకోవాలి.

నేనైతే ఉత్త దూరాన్ని వదిలి, కాలేజీ తెరిచిన ఏడాదిని పట్టుకోమంటాను. ఎస్తేర్ డఫ్లో 2001లో ఇండోనేషియా మీద చేసిన పని ఈ కోవలోదే. 1973 నుంచి 1978 దాకా అక్కడి ప్రభుత్వం 61 వేలకు పైగా ప్రాథమిక బడులు కట్టింది. 1974లో 2 నుంచి 6 ఏళ్లున్న పిల్లలకు అవి అందాయి, 12 దాటినవాళ్లకు అందలేదు. బడులు ఎక్కువ కట్టిన జిల్లాల్లో ఈ రెండు తరాల మధ్య తేడా, తక్కువ కట్టిన జిల్లాల్లోని తేడాకన్నా ఎంత ఎక్కువో ఆమె చూసింది. అంతకన్నా ముఖ్యంగా, బడులు అందని రెండు పాత తరాలను, అంటే 12–17 ఏళ్లవాళ్లనూ 18–24 ఏళ్లవాళ్లనూ, అలాగే పోల్చింది. అక్కడ తేడా ఏమీ కనిపించలేదు. కనిపించి ఉంటే, ఆ జిల్లాలు బడులతో పని లేకుండానే ఎదుగుతున్నాయని అర్థం. మన మండల కేంద్రాల్లోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీలకు ఈ పరీక్ష పెట్టవచ్చు. కాలేజీ తెరిచేనాటికే 25 దాటినవాళ్ల జీతాలూ చుట్టుపక్కల పల్లెల్లో ఎక్కువగా ఉంటే, పెరిగింది మండల కేంద్రమే అన్నమాట, ఆ ఇన్‌స్ట్రుమెంట్‌ను పక్కన పెట్టేయాలి.

అంకె ఎందుకు పెరిగిందన్న పాత తికమకకు ఇంబెన్స్, ఆంగ్రిస్ట్ 1994లో ఇచ్చిన జవాబు ఒక దారి చూపింది. ఇన్‌స్ట్రుమెంట్ కొలిచేది అందరి సగటునూ కాదు, దాని వల్ల నిర్ణయం మారినవాళ్ల ఫలితాన్ని. తల్లిదండ్రుల చదువు తక్కువున్న ఇళ్లలోనే దగ్గరి కాలేజీ ఎక్కువ పని చేసిందని కార్డ్ కూడా చూపాడు. డబ్బు లేక ఆగిపోయేవాళ్లు వాళ్లు, చదివితే గట్టిగా లాభపడేవాళ్లూ వాళ్లే కావచ్చు.

మన దగ్గర ఆ జాబితాలో ముందుండేది సాయంత్రానికి ఇంటికి తిరిగి రాగలిగితేనే డిగ్రీకి పంపే అమ్మాయిలు. వాళ్ల చదువును దూరం గట్టిగా కదిలిస్తుంది కాబట్టి, అందరినీ కలిపి లెక్క కడితే F బ్రహ్మాండంగా వస్తుంది. కానీ పెళ్లయ్యాక జీతం తెచ్చే పనిలో లేని అమ్మాయి జీతాల సమీకరణంలోకి రాదు. మొదటి దశను జీతం నమోదైనవాళ్ల మీదే మళ్లీ కట్టి, ఆడా మగా విడదీసి చూస్తే, ఆ F ఎవరి వల్ల వచ్చిందో తెలుస్తుంది. మగవాళ్ల వరుసలో అది పదికి కింద పడితే, రెండో దశలోని అంకెను, అంటే చదువు వల్ల జీతం ఎంత పెరిగిందన్న అంచనాను, రిపోర్టులో వేయకపోవడమే సరి.