బ్లీచ్ బలం అయోడిన్ చేత చెప్పించడం

ఇళ్లలో వాడే ద్రవ బ్లీచ్ సీసాపై 5 శాతం సోడియం హైపోక్లోరైట్ అని రాసి ఉంటే, అది సీసా నింపిన నాటి మాట. హైపోక్లోరైట్ నిలకడ లేని పదార్థం. వేడి, వెలుతురు, చిటికెడు నికెల్ లేదా రాగి వంటి లోహపు మలినాలు దాన్ని క్రమంగా తినేస్తాయి. ఇప్పుడు సీసాలో ఎంత మిగిలిందో తెలుసుకోవాలంటే కొలవక తప్పదు, ఆ కొలతకు చాలాకాలంగా నిలిచిన పద్ధతి అయోడిన్‌ను మధ్యవర్తిగా పెట్టి సోడియం థయోసల్ఫేట్‌తో చేసే అంశమాపనం. బ్లీచింగ్ ద్రావణాల బలాన్ని నీలిమందు రంగును ఎంతవరకు విరుస్తాయో చూసి అంచనా కట్టిన రోజులూ ఉన్నాయి. గే-లూసాక్ 1824లో ఆ పద్ధతినే మెరుగుపరిచాడు.

అసలు మధ్యవర్తి ఎందుకు? థయోసల్ఫేట్‌ను నేరుగా బ్లీచ్‌లోకి వదిలినా చర్య జరుగుతుంది, కానీ లెక్కకు అందేలా జరగదు. అయోడిన్ ఎదురైతే థయోసల్ఫేట్ ప్రతిసారీ ఒక్క ఎలక్ట్రాన్ మాత్రమే ఇచ్చి టెట్రాథయోనేట్‌గా మారి ఊరుకుంటుంది. హైపోక్లోరైట్ అంతకంటే దూకుడైనది కనుక, థయోసల్ఫేట్‌ను సల్ఫేట్ దాకా కూడా లాక్కుపోగలదు. అలా పోయినప్పుడు ఒక్కో థయోసల్ఫేట్ ఎనిమిది ఎలక్ట్రాన్లు ఇస్తుంది. ఎంత భాగం ఏ దారిన పోయిందో చెప్పలేం కాబట్టి, బ్యూరెట్ చూపే అంకెకు అర్థమే ఉండదు. అందుకే ముందుగా హైపోక్లోరైట్ దూకుడంతా అయోడైడ్ మీద ఖర్చు పెట్టించి, దానికి సరిసమానంగా వెలువడిన అయోడిన్‌ను కొలుస్తాం.

OCl⁻ + 2I⁻ + 2H⁺ → I₂ + Cl⁻ + H₂O
I₂ + 2S₂O₃²⁻ → 2I⁻ + S₄O₆²⁻

రెండు సమీకరణాలను కలిపి చదివితే, ఒక మోల్ హైపోక్లోరైట్‌కు రెండు మోళ్ల థయోసల్ఫేట్ ఖర్చవుతుంది. లెక్కంతా ఈ రెండు మీదే నడుస్తుంది.

బ్లీచ్‌ను ఉన్నదున్నట్టుగా తీసుకుంటే బ్యూరెట్ చాలదు. అందుకని 10 మి.లీ. బ్లీచ్‌ను 100 మి.లీ. ఘనపరిమాణ కుప్పెలో గుర్తు వరకు నీటితో నింపి, బాగా కలిపి, అందులోంచి 10 మి.లీ. పిపెట్‌తో తీస్తాం, అంటే మన చేతికి వచ్చింది సరిగ్గా 1 మి.లీ. అసలు బ్లీచ్. ఇక్కడి నుంచి ఏది ముందు, ఏది వెనుక అన్నదే కీలకం. శాంకవ కుప్పెలో 50 మి.లీ. నీరు పోసి, 2 గ్రాముల పొటాషియం అయోడైడ్ కరిగించి, ఆ తర్వాతే పలుచన చేసిన బ్లీచ్‌ను వదిలి, చివరగా 5 మి.లీ. గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం కలపాలి. ఆమ్లం పడగానే ద్రావణం ముదురు గోధుమ రంగులోకి తిరుగుతుంది.

ఈ వరుసను ఒకసారి తలకిందులు చేసినవాణ్ని నేను. చదువుకునే రోజుల్లో అయోడైడ్ వేయడం మరిచి ముందు ఆమ్లం పోశాను. ముక్కుకు ఘాటు తగిలాక గాని పొరపాటు తెలియలేదు. బ్లీచ్‌లో హైపోక్లోరైట్‌తో పాటు క్లోరైడ్ కూడా ఎప్పుడూ ఉంటుంది, ఆమ్లం తగిలితే అవి రెండూ కలిసి క్లోరిన్ వాయువును విడుదల చేస్తాయి. ఆ వాయువు కుప్పె మూతి దాటిపోయిందంటే కొలవవలసిన పదార్థమే పోయినట్టు, విలువ తక్కువ వస్తుంది. కొలత సంగతి అటుంచి, పీల్చినవారికి హాని కూడా. పలుచన చేయని బ్లీచ్‌లో ఆమ్లం పోయడం ఎన్నడూ చేయకూడని పని. ఆమ్లాన్ని పూర్తిగా మానేయడం కూడా కుదరదు. బ్లీచ్‌లో క్షారం ఉంటుంది, క్షారంలో అయోడిన్ కొంత హైపోఅయోడైట్‌గా మారి, మళ్లీ థయోసల్ఫేట్‌ను సల్ఫేట్ దారి పట్టిస్తుంది.

అయోడైడ్ 2 గ్రాములు అనేది చర్యకు కావలసినదానికి దాదాపు పదింతలు. అది దుబారా కాదు. అయోడిన్ ఒట్టి నీటిలో లీటరుకు 0.3 గ్రాములకు మించి కరగదు. మన కుప్పెలో వెలువడేది దానికి ఎన్నో రెట్లు. మిగులు అయోడైడ్ దాన్ని I₃⁻ గా పట్టి ఉంచుతుంది కనుకనే అయోడిన్ అడుగుకు చేరకుండా, ఆవిరై పోకుండా ద్రావణంలో నిలుస్తుంది.

ఇక బ్యూరెట్ నుంచి 0.1000 మోలార్ థయోసల్ఫేట్‌ను వదులుతూ కుప్పెను తిప్పుతుంటే, గోధుమ రంగు నారింజగా, పసుపుగా పలచబడి, చివరకు ఎండుగడ్డి రంగుకు వస్తుంది. స్టార్చి ద్రావణం కలపవలసిన సమయం అదే. ముందే కలిపితే, అధికంగా ఉన్న అయోడిన్ స్టార్చిని గట్టిగా పట్టుకుని, చివర్లో త్వరగా వదలదు. నీలం స్ఫుటంగా పోవడానికి బదులు బూడిద ఊదా రంగుగా సాగుతూ, ఎక్కడ ఆపాలో తెలియకుండా చేస్తుంది. సరైన వేళకు వేస్తే ముదురు నీలం వచ్చి, మరికొన్ని చుక్కలకు, ఒకే చుక్క తేడాతో, నీరులా తేటపడుతుంది. ఆ తర్వాత కొన్ని నిమిషాలకు నీలం తిరిగి వస్తే కంగారు పడనక్కరలేదు, అది గాలిలోని ఆక్సిజన్ మిగులు అయోడైడ్‌ను ఆక్సీకరించిన ఫలితం. కొన్ని సెకన్లలోనే వస్తే మాత్రం అంత్య బిందువు ఇంకా రాలేదని గాని, ఆమ్లం మరీ బలమైనదని గాని అనుమానించాలి.

ఒక సీసా లెక్క చూద్దాం. ఖర్చయిన థయోసల్ఫేట్ 12.10 మి.లీ. అనుకుంటే, అది 1.210 మిల్లీమోళ్లు, అందులో సగం, అంటే 0.605 మిల్లీమోళ్లు, 1 మి.లీ. బ్లీచ్‌లోని హైపోక్లోరైట్. దాన్ని NaOCl మోలార్ ద్రవ్యరాశి 74.44తో హెచ్చిస్తే 45.0 మిల్లీగ్రాములు, అంటే 100 మి.లీ.కి 4.50 గ్రాములు. లేబుల్‌లోని శాతం బరువుకు బరువు లెక్కన రాసిందైతే, బ్లీచ్ సాంద్రతతో భాగించాలి, 1.07 అనుకుంటే 4.2 శాతం. కొందరు ఉత్పత్తిదారులు లభ్య క్లోరిన్ అని రాస్తారు, అప్పుడు 74.44 స్థానంలో 70.90 వాడాలి. పోల్చే ముందు ఇది చూసుకోకపోతే సరైన కొలతే తప్పుగా కనిపిస్తుంది.

మన సీసా మీద 100 మి.లీ.కి 5.0 గ్రాములని ఉందనుకుందాం. పోయిన అర గ్రాము ఏమైంది? వెలుతురూ లోహాలూ ప్రేరేపించినప్పుడు కొంత హైపోక్లోరైట్ ఆక్సిజన్‌గా విడిపోయి పోతుంది. మరో దారిలో మూడు హైపోక్లోరైట్లు కలిసి రెండు క్లోరైడ్‌లు, ఒక క్లోరేట్‌గా మారతాయి. ఇక్కడే ఆమ్లం ఎంపిక ఎంత తెలివైనదో తెలుస్తుంది. మూడు హైపోక్లోరైట్లు అయోడైడ్ నుంచి ఆరు ఎలక్ట్రాన్లు తీసుకునేవి. వాటి నుంచి పుట్టిన ఒక్క క్లోరేట్ కూడా, వీలు దొరికితే, సరిగ్గా ఆరే తీసుకుంటుంది. ఎసిటిక్ ఆమ్లంలో క్లోరేట్‌కు ఆ వీలు దొరకదు, చర్య అంత మందం. గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో దొరుకుతుంది. కాబట్టి ఈ సీసాలో తరుగంతా క్లోరేట్ దారినే పోయి ఉంటే, ఎసిటిక్ ఆమ్లంతో 12.10 మి.లీ. వచ్చే చోట, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో క్లోరేట్ పూర్తిగా చర్య జరిపేంత సేపు ఉంచి కొలిస్తే 13.43 మి.లీ. వస్తుంది. అది తాజా 5.0 శాతం బ్లీచ్‌కు రావలసిన అంకె.