సీజన్ పని: చెప్పే రేటు, చేతికొచ్చే రేటు

కాలేజీలో విద్యార్థులకు సెలవుల్లో చేసే పనులు చూపించే బాధ్యత నాది. పండగ సేల్స్‌కి షాపులు, కోతలయ్యాక పంటను రకాలవారీగా ఏరి పెట్టెల్లో సర్దే గ్రేడింగ్ షెడ్లు మనుషుల్ని తీసుకునే రోజుల్లో నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరూ ముందు అడిగేది "రేటు ఎంత సార్?" అనే. చాలా అపోహలు అక్కడే మొదలవుతాయి.

అపోహ: రేటు ఎక్కువున్న పనిలోనే డబ్బులు ఎక్కువ.

వాస్తవం: ఇల్లు వదిలినప్పటి నుంచి తిరిగి ఇల్లు చేరేదాకా ఎన్ని గంటలు పడుతుందో చూసి, చేతికొచ్చేదాన్ని దానితో భాగించాలి.

షాపులో గంటకు 100 చొప్పున 8 గంటలకు 800 అనుకుందాం. షట్టర్ దించాక బట్టలు మడతపెట్టి సర్దడానికి ఇంకో గంట పడుతుంది, దానికి జీతం లేదు. రానూపోనూ ఒక గంట, ఛార్జీలు 60. అంటే 10 గంటలకు మిగిలేది 740. అసలు రేటు 74.

షెడ్‌లో పెట్టెకు 50. "రోజుకు 20 పెట్టెలు ఈజీగా చేస్తారు" అంటారు. అది చెయ్యి తిరిగినవాళ్ల లెక్క. కొత్తవాళ్లు 12 చేస్తారనుకోండి, 600 వస్తుంది. లోడు రాక ఖాళీగా కూర్చున్న సమయానికి ఏమీ ఇవ్వరు. గ్రేడ్లు కలిసిపోయిన పెట్టెను వెనక్కి పంపితే, మళ్లీ విప్పి ఏరడం కూడా ఉచితమే. షెడ్‌లో 8 గంటలు, వాళ్ల బండిలోనే ప్రయాణం ఒక గంట. మొత్తం 9 గంటలు, అసలు రేటు 67. చెయ్యి అలవాటై 16 పెట్టెలకు చేరితే అదే 89 అవుతుంది. కాబట్టి ఈ లెక్కలో 10 రోజుల పనైతే నేను షాపుకే పంపుతాను. నెల రోజులు నడిచేదైతే షెడ్డే మేలు. పోయినేడు అక్కడ చేసినవాళ్లను "మొదటి వారం ఎన్ని పెట్టెలు చేశావు?" అని అడగండి. యజమాని చెప్పే అంకె కంటే అది నమ్మదగింది.

అపోహ: ఏ పని చేసినా రెజ్యూమేకి పనికొస్తుంది.

వాస్తవం: ఏ చోట నిలబెట్టారన్నదే ముఖ్యం. బిల్లింగ్, స్టాక్ లెక్క, తిరిగొచ్చిన సరుకు చూసే పని అయితే చెప్పుకోవడానికి చాలా ఉంటుంది. తలుపు దగ్గర కవర్లు అందించే పనిలో ఆ అవకాశం తక్కువ. ఒకమ్మాయి షెడ్‌లో రోజూ ఏ లోడులో ఎన్ని పెట్టెలు వెనక్కొచ్చాయో, ఎందుకొచ్చాయో చిన్న నోట్‌బుక్‌లో రాసుకుంది. తర్వాత ఇంటర్వ్యూలో అరగంట దాని గురించే అడిగారట. అనుభవ పత్రం మాత్రం సీజన్ ముగియకముందే తీసుకోండి. తర్వాత ఆ సూపర్‌వైజర్ ఎక్కడుంటారో ఎవరికీ తెలియదు.

అపోహ: మధ్యలో మానేసినా చేసిన రోజులకు డబ్బులు వస్తాయి.

వాస్తవం: రావాలి, కానీ కొందరు చివరిదాకా ఉంటేనే సెటిల్ చేస్తామంటారు. బోనస్ కూడా ఆఖరి రోజుకే ముడిపెడతారు. ఆఖరి వారంలో మీకు పరీక్షలుంటే ఆ బోనస్‌ను లెక్కలోంచి ముందే తీసేయండి. చేరే రోజే "ఏ వారానికి ఆ వారం ఇస్తారా?" అని అడిగి, జవాబు మెసేజ్‌లో తెప్పించుకోండి.