మొన్న నార్మల్ అన్న గుండెకు ఇవాళ పోటు ఎలా వస్తుంది?

యాభై దాటని మనిషి ఉన్నట్టుండి కుప్పకూలి చనిపోయాడన్న వార్త వచ్చినప్పుడల్లా మన దగ్గర అదే గొడవ మళ్లీ రాజుకుంటుంది. ‘ఈమధ్యనే ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి చేసే టీఎంటీ పరీక్ష చేయించుకున్నాడు, అంతా నార్మల్ అన్నారు’ అని ఇంటివాళ్లు వాపోతారు. ముందే యాంజియోగ్రామ్ తీసి స్టెంట్ వేసి ఉంటే బతికేవాడని ఒక వర్గం అంటుంది. ఈ పరీక్షలన్నీ డబ్బు గుంజడానికేనని ఇంకో వర్గం అంటుంది. గమనిస్తే ఇద్దరి వాదనకూ పునాది ఒక్కటే. పైపులో పాచి పేరుకున్నట్టు గుండె రక్తనాళం ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పూడుకుపోతుందని, పూర్తిగా మూసుకున్న రోజు గుండెపోటు వస్తుందని. చాలా గుండెపోట్లు అలా రావని 1980ల్లోనే తేలిపోయింది.

సిగరెట్, షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ సంగతి పాఠకులకు తెలిసిందే కాబట్టి నేరుగా ఆ దశాబ్దానికి వెళ్దాం.

అప్పటికి వైద్యులు తేల్చుకోలేకపోయిన ప్రశ్న ఒకటుంది. గుండెపోటుతో చనిపోయినవారి నాళాల్లో కొందరికే రక్తపు గడ్డ కనిపించేది. అందువల్ల గడ్డ కట్టడం గుండెపోటుకు కారణం కాదని, కండరం చచ్చాక ఏర్పడే ఫలితమని పేరున్న పాథాలజిస్టులే వాదించారు. బతికున్న రోగిలో చూద్దామంటే, గుండెపోటు నడుస్తుండగా యాంజియోగ్రామ్ తీయడం ప్రాణాంతకమని అందరికీ భయం. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్ అనే ఊళ్లో మార్కస్ డివుడ్ బృందం ఆ పని చేసి, 1980లో ఫలితాలు ప్రచురించింది. నొప్పి మొదలైన నాలుగు గంటల లోపు పరీక్షించిన 126 మందిలో 110 మందికి నాళం పూర్తిగా మూసుకుపోయి ఉంది. 12 నుంచి 24 గంటల మధ్య పరీక్షించిన 57 మందిలో అలా ఉన్నది 37 మందికే. అంటే గడ్డ ముందే కడుతోంది, గంటలు గడిచేకొద్దీ కొందరిలో దానంతటదే కరుగుతోంది. ఆలస్యంగా చూసినవాళ్లకు కనిపించకపోవడంలో వింతేమీ లేదు. ఆపరేషన్‌కు తీసుకెళ్లినవాళ్లలో చాలామంది నాళాల్లోంచి ఆ బృందం గడ్డను బయటికి కూడా తీసింది. వివాదం అక్కడితో దాదాపు ముగిసింది.

ఆ గడ్డ అక్కడే, ఆ క్షణంలోనే ఎందుకు కట్టిందన్నది తర్వాతి ప్రశ్న. లండన్‌లో మైకేల్ డేవిస్, ఆంథొనీ థామస్ హఠాత్తుగా చనిపోయిన వంద మంది గుండెలను తీసుకుని, నాళాలను సన్నటి ముక్కలుగా కోసి చూశారు. 74 గుండెల్లో గడ్డ ఉంది. ఆ గడ్డ కింద తరచూ కనిపించింది చిరిగిన పూడిక. పూడిక పెరిగి పెరిగి దారి మూసేయలేదు. దాని పైపొర చిరిగింది, లోపలి సరుకు రక్తానికి తగిలింది, రక్తం గడ్డ కట్టింది.

నా ఉద్దేశంలో అసలు మలుపు మాత్రం 1988. నార్త్ కరోలినాలో విలియం లిటిల్ బృందం ఒక తేలికైన ఆలోచన చేసింది. గతంలో ఏదో కారణానికి యాంజియోగ్రామ్ తీయించుకుని, తర్వాత గుండెపోటు వచ్చినవాళ్ల పాత, కొత్త ఫిల్ములను పక్కపక్కన పెట్టి చూసింది. కొత్తగా నాళం మూసుకుపోయినవారు 29 మంది. వాళ్లలో 19 మందికి, తర్వాత మూసుకుపోయిన ఆ నాళం పాత ఫిల్ములో సగం కూడా పూడలేదు. 70 శాతం దాటిన పూడిక ఉన్నది ఒక్కరికే. దాదాపు అదే రోజుల్లో న్యూయార్క్‌లో జాన్ ఆంబ్రోస్ బృందానికీ ఇలాంటి ఫలితమే వచ్చింది. డాక్టర్ చూసి ‘చిన్న బ్లాకే, పర్వాలేదు’ అని పంపించేసిన చోటే మనిషి ప్రాణం మీదికి వచ్చిందన్నమాట.

చిన్నదిగా కనిపించిన పూడిక నిజంగా చిన్నదేనా? అంతకు ఏడాది ముందే, 1987లో, షికాగోలో సేమూర్ గ్లాగోవ్ దీనికి జవాబు చెప్పారు. పూడిక మొదట్లో రక్తం పారే దారిలోకి పెరగదు. గోడలో పెరుగుతుంది, దానికి చోటివ్వడానికి నాళమే బయటివైపు ఉబ్బుతుంది. గోడ లోపలి చోటులో దాదాపు 40 శాతం పూడిక ఆక్రమించేదాకా రక్తం పారే దారి పెద్దగా తగ్గదు. యాంజియోగ్రామ్‌లో కనిపించేది రంగు ద్రవం పారిన దారి మాత్రమే, గోడలో ఏముందో అది చూపించదు. ఇక టీఎంటీ పట్టేది రక్తం చాలని పరిస్థితిని. దారి సుమారు 70 శాతం ఇరుకైతే తప్ప పరిగెత్తేటప్పుడు గుండెకు రక్తం తక్కువ పడదు. కాబట్టి టీఎంటీ నార్మల్ అన్నది అబద్ధం కాదు. రక్తం సరిపోతోందా అన్నదే దానికి తెలుసు, పూడిక పైపొర ఎంత పలచగా ఉందో దానికి తెలియదు.

ఆ పైపొర పలచబడడం మీదే అంతా ఆధారపడి ఉంది. రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఎల్‌డీఎల్ రేణువులు నాళం లోపలి పలచని పొరను దాటి గోడలో చిక్కుకుంటాయి, అక్కడ ఆక్సీకరణ చెందుతాయి. వాటిని ఏరివేయడానికి తెల్ల రక్తకణాలు లోపలికి వచ్చి, తినగలిగినంత తిని, కొవ్వు బిందువులతో నిండి అక్కడే చచ్చిపోతాయి. చచ్చిన కణాలు, కొలెస్ట్రాల్ స్ఫటికాలు కలిసి నడిమధ్యలో మెత్తటి ముద్దగా మిగులుతాయి. శరీరం ఊరుకోదు. గోడ మధ్య పొరలోని కండర కణాలు పైకి వచ్చి, కొల్లాజెన్ పోగులు అల్లి, ఆ ముద్దను రక్తానికి తగలకుండా కప్పేస్తాయి. ఈ పని యవ్వనంలోనే మొదలవుతుంది. కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికన్ సైనికుల గుండెలను పరిశీలించి 1953లో ఒక నివేదిక ఇచ్చారు. సగటున 22 ఏళ్ల ఆ కుర్రాళ్లలో నాలుగింట మూడొంతుల పైగా మందికి నాళాల్లో ఎంతో కొంత పూడిక జాడ ఉంది.

ఆ పైపొర, అంటే కప్పు, గట్టిగా ఉన్నంతకాలం మనిషికి ఏమీ తెలియదు. లోపల వాపు ఆగకపోతే మాత్రం అక్కడి తెల్లకణాలు కొల్లాజెన్‌ను కరిగించే ఎంజైములు వదులుతాయి, కొత్త కొల్లాజెన్ తయారీని కూడా అడ్డుకుంటాయి. కప్పు అరిగిపోతుంది, ముఖ్యంగా అది మామూలు గోడను కలిసే అంచుల దగ్గర. రేణు వీర్మాని బృందం 1997లో చిరిగిన కప్పులను కొలిచింది. సగటు మందం 23 మైక్రాన్లు, దాదాపు అన్నీ 65 మైక్రాన్ల లోపే. మన తల వెంట్రుక మందం కూడా చాలామందిలో అంతకంటే ఎక్కువే ఉంటుంది. అంత పలచని కప్పు బీపీ పెరిగినప్పుడో, గుండె వేగం పెరిగినప్పుడో చిరుగుతుంది. ముద్దలోని టిష్యూ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ రక్తానికి తగలగానే ప్లేట్‌లెట్లు వచ్చి అంటుకుంటాయి, నిమిషాల్లో గడ్డ కడుతుంది. చిరిగిన ప్రతిసారీ గుండెపోటు రాదు. చాలాసార్లు చిన్న గడ్డ కట్టి, మానిపోయి, పూడికలోనే కలిసిపోతుంది. పూడిక ఒక్కోసారి ఉన్నట్టుండి మెట్టు ఎక్కినట్టు పెరగడానికి ఇదొక కారణం. కప్పు చిరగకుండానే, పైన కణాల పొర రాలిపోయి గడ్డ కట్టే కేసులు కూడా తక్కువేమీ కాదు.

అమెరికాలో ఎన్‌బీసీ వార్తా సంస్థకు చెందిన టిమ్ రసర్ట్ మరణం ఈ మొత్తం చరిత్రను ఒక్క మనిషిలో చూపిస్తుంది. గుండె నాళాల్లో పూడిక ఉందని ఆయనకూ, ఆయన డాక్టర్‌కూ తెలుసు. ఛాతీలో నొప్పి లాంటి లక్షణాలేవీ లేవు. బీపీకి, కొలెస్ట్రాల్‌కు మందులు వాడుతున్నారు, ఎల్‌డీఎల్ 70 లోపే ఉంది, వ్యాయామం చేసేవారు. 2008 ఏప్రిల్ 29న ట్రెడ్‌మిల్ పరీక్ష బాగానే ఉంది. జూన్ 13న ఆఫీసులో పనిలో ఉండగానే కూలిపోయారు. వయసు 58. పోస్ట్‌మార్టంలో, గుండె ముందు భాగానికి రక్తం ఇచ్చే ఎల్ఏడీ నాళంలో పూడిక చిరిగి, దాని మీద గడ్డ కట్టి ఉంది. రక్తం ఆగిన కండరంలో విద్యుత్ లయ తప్పితే, కండరం చచ్చేదాకా ఆగకుండా మనిషి నిమిషాల్లోనే పోతాడు. అప్పుడు అక్కడా ఇదే గొడవ జరిగింది, యాంజియోగ్రామ్ ఎందుకు తీయలేదని. తీసి ఉంటే ఏమి చేసేవారన్నది అంత తేలిక ప్రశ్న కాదు.

ఎందుకంటే 2007లో వచ్చిన కరేజ్ అధ్యయనంలో, నిలకడగా ఉన్న గుండె జబ్బుకు మందులతో పాటు స్టెంట్ కూడా వేస్తే, మందులు మాత్రమే ఇచ్చినవారితో పోలిస్తే మరణాలుగానీ గుండెపోట్లుగానీ తగ్గలేదు. ఐదు వేల మందికి పైగా రోగులతో, మన దేశం కూడా పాల్గొన్న ఇస్కీమియా అధ్యయనంలోనూ ఇంచుమించు ఇదే తేలింది. ఛాతీ నొప్పి తగ్గడానికి స్టెంట్ పనికొచ్చింది. 1988 ఫిల్ములు చూసినవారికి ఇందులో ఆశ్చర్యం లేదు. స్టెంట్ వేసేది బాగా ఇరుకైన చోట, చిరిగేది తరచూ ఇంకోచోట. స్టాటిన్ మందులది దీనికి సరిగ్గా వ్యతిరేకమైన కథ. వాటితో నాళం వెడల్పయ్యేది చాలా తక్కువ. అయినా 1994లో 4,444 మంది మీద జరిగిన స్కాండినేవియా అధ్యయనంలో మరణాలు 30 శాతం తగ్గాయి. ముద్దలో కొవ్వు తగ్గి, వాపు తగ్గి, కప్పు మందమవుతుందని తర్వాత నాళం లోపలి స్కానింగులు చూపించాయి. గుండెపోటు నడుస్తుండగా వేసే స్టెంట్ సంగతి వేరు. అది మూసుకున్న దారిని తెరుస్తుంది, ప్రాణం నిలబెడుతుంది, దాని మీద ఎవరికీ పేచీ లేదు.

స్టెంట్ వైపు వాదనలో బలం లేదనలేం. లిటిల్ చూసిన పాత ఫిల్ములు కొన్ని గుండెపోటుకు నెలల ముందువి, కొన్ని ఏళ్ల ముందువి. ఆ మధ్యలో పూడిక పెరిగి ఉండొచ్చు. పైగా చిన్న పూడికలు సంఖ్యలో ఎక్కువ కాబట్టి గుండెపోట్లలో వాటి వాటా ఎక్కువగా కనిపిస్తుంది, ఒక్కొక్కటిగా లెక్కేస్తే పెద్ద పూడికే ప్రమాదకరమని వాళ్లంటారు. 2024లో దక్షిణ కొరియా నుంచి ప్రివెంట్ అధ్యయనం వచ్చాక ఆ గొంతు ఇంకా పెరిగింది. రక్తం బాగానే పారుతున్నా స్కానింగులో బలహీనంగా కనిపించిన పూడికలకు ముందే స్టెంట్ వేస్తే, రెండేళ్లలో ఆ చోట సమస్యలు 3.4 శాతం నుంచి 0.4 శాతానికి తగ్గాయి. ఆ ‘సమస్యల్లో’ మరణం, గుండెపోటు మాత్రమే కాదు, నొప్పి ముదిరి ఆసుపత్రిలో చేరడం, మళ్లీ స్టెంట్ వేయాల్సి రావడం కూడా ఉన్నాయి. తేడాలో ఎక్కువ భాగం అక్కడే వచ్చింది. ఎంచుకున్న పూడికలన్నీ సగానికి మించి ఇరుకైనవి. స్టెంట్ లేకుండా మందులతోనే ఉన్నవారిలో కూడా నూటికి 96 మందికి పైగా రెండేళ్లు ఆ చోట ఏ ఇబ్బందీ రాలేదు.