చార్టు చివరి లైను చదివేవాడికి గుమ్మం కనబడదు

మొన్న గరివిడి వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ఇరవయ్యారేళ్లుంటాయి. వెంట తల్లి, అక్క. చార్టులో చివరి లైను దాకా తడుముకోకుండా చదివేశాడు, 6/6. లేచి వెళ్తూ పక్కనున్న స్టూలుకి తగిలి పడబోయాడు. విజయనగరంలో కళ్లు పరీక్షించే పనిలో ఉన్న నాకు ఈ రెండూ ఒకే మనిషిలో కనబడగానే అనుమానం వచ్చింది.

చీకటి పడితే గట్టు మీద నడవలేడని పదేళ్ల వయసులోనే ఇంట్లో తెలుసు. రేచీకటి అన్నారు. తల్లి ఏళ్ల తరబడి మునగాకు, క్యారెట్, మేక కాలేయం పెట్టింది. రేచీకటికి విటమిన్ ఎ లోపం ఒక కారణం, అది నిజమే. కానీ ఆ లోపమే కారణమైతే విటమిన్ ఇచ్చిన కొద్ది రోజుల్లోనే రాత్రి చూపు మెరుగవుతుంది. ఏళ్లు గడిచినా మారకపోగా చూపు చుట్టూ నుంచి కుంచించుకుపోతుంటే కంటి లోపల వెనక ఉండే పొర, రెటీనాని చూడాలి. ఇతని రెటీనాలో రక్తనాళాలు సన్నబడ్డాయి, అంచుల్లో ఎముక ముక్కల్లాంటి నల్ల మచ్చలు ఉన్నాయి. రెటినైటిస్ పిగ్మెంటోసా, వాడుకలో ఆర్‌పీ.

మసక వెలుతురులో చూసే రాడ్ కణాలు ముందు చనిపోతాయి. చూపు మధ్యకీ అంచుకీ నడుమ ఒక వలయం పోతుంది, అది ఏళ్ల మీద రెండు వైపులా పెరుగుతుంది. చివరికి మధ్యలో సొరంగంలాంటి చూపు మిగులుతుంది. రోగికి నల్లటి వలయం కనబడదు, ఎందుకంటే లేని భాగాన్ని మెదడు పూరించేస్తుంది. అందుకే తనకేమీ లేదనుకుంటాడు, చూసేవాళ్లు పరధ్యానం అనుకుంటారు.

చూపు ఎంత విస్తీర్ణం ఉందో కొలిచే ఫీల్డ్ టెస్టులో ఇతనికి మిగిలింది దాదాపు 20 డిగ్రీలు. అంటే చేయి చాపినంత దూరంలో, 60 సెంటీమీటర్ల దగ్గర, జానెడు వెడల్పే కనబడుతుంది. అన్నం కంచం మొత్తం ఒక్కసారి కనబడదు. మూడు మీటర్ల అవతలైతే మీటరు వెడల్పు కనబడుతుంది.

అప్పటిదాకా మాట్లాడని అక్క అడిగింది: "నా కూతుర్ని వీడికే ఇద్దామనుకున్నాం సార్. ముహూర్తం చూస్తున్నాం. ఇప్పుడేం చెయ్యమంటారు?"

ఇతని తల్లిదండ్రులదీ మేనరికమే, ఇద్దరికీ చూపు బాగానే ఉంది. కాబట్టి ఇద్దరూ ఒకే జన్యువుకి ఒక్కో చెడిన ప్రతిని మోస్తున్నారని, అంటే వాహకులని అనుకుని కాగితం మీద లెక్క వేశాను. అలాంటి జంటకు పుట్టే ప్రతి బిడ్డకీ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి, జబ్బు లేకుండా వాహకులయ్యే అవకాశం నాలుగింట రెండు. అక్కకి నలభై దాటినా చూపు బాగుంది కాబట్టి ఆమె జబ్బు గడిలో లేదు. మిగిలిన మూడు గడుల్లో రెండు వాహకులవి. ఆమె వాహకురాలయ్యే అవకాశం మూడింట రెండు, కూతురికి అందులో సగం, మూడింట ఒకటి. తమ్ముడు తన పిల్లలందరికీ చెడిన ప్రతినే ఇస్తాడు. మేనకోడలు కూడా వాహకురాలైతే బిడ్డకి సగం అవకాశం. మొత్తం మీద ఆరింట ఒకటి. సంబంధం లేని అమ్మాయి వందలో ఒకరు వాహకురాలనుకున్నా రెండు వందల్లో ఒకటే.

ఈ లెక్క అనుమానం మీద కట్టినది. జన్యు పరీక్షలో ఏ జన్యువో తేలాలి. తల్లి నుంచి కొడుకులకు వచ్చే రకమైతే లెక్క మొత్తం మారిపోతుంది. జన్యువు దొరికితే మేనకోడలికి ఆ ఒక్క మార్పు ఉందో లేదో చూస్తే చాలు, లేకపోతే భయం దాదాపు ఉండదు. కొందరిలో పరీక్ష ఏదీ తేల్చదు, ఆ మాట కూడా ముందే చెప్పాను. నిర్ణయం వాళ్లదే. కానీ ముహూర్తానికి ముందు తెలియాల్సిన విషయమిది. తల్లి "నా తిండిలో లోపమా?" అని రెండుసార్లు అడిగింది. కాదమ్మా అని రెండుసార్లూ చెప్పాను.

2017లో అమెరికాలో అనుమతి వచ్చిన జన్యు చికిత్స ఆర్‌పీఈ65 అనే ఒక్క జన్యువులో లోపం ఉన్నవాళ్లకే. అందరికీ నయం చేస్తామని మందులమ్మే వాళ్ల మాట నమ్మి డబ్బు పోగొట్టుకున్నవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది. ఆర్‌పీతో పాటు కొందరికి శుక్లం వస్తుంది, రెటీనా మధ్య భాగమైన మాక్యులా వాస్తుంది. వాటికి మాత్రం చికిత్స ఉంది, ఏటా చూపించుకోవాలి.

రోజువారీ పనికి భూతద్దం అడిగాడు. ఇతనికది పనికిరాదు. అక్షరం రెండింతలైతే ఆ జానెడులో పట్టే మాటలు సగమైపోతాయి. ఎండలో కళ్లు చెదరకుండా పసుపు రంగు అద్దాలు, రాత్రికి వెడల్పుగా వెలుగు పరిచే టార్చి, గుమ్మానికీ మెట్టు అంచుకీ తెల్ల రంగు పట్టీ, నడిచేటప్పుడు తలను ఎడమ నుంచి కుడికి తిప్పుతూ వెతికే అలవాటు, తెల్ల కర్ర వాడే శిక్షణ ఇతనికి కావాలి. విశాఖలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి రాసిచ్చాను.

వికలాంగుల సర్టిఫికెట్‌కి ఇదివరకే వెళ్తే చార్టు చదివించి, చూపు బాగుందని పంపేశారట. 2016 చట్టంలో అల్పదృష్టికి అక్షరాల కొలత ఒక్కటే కాదు, చూపు విస్తీర్ణం 40 డిగ్రీల నుంచి 10 డిగ్రీల మధ్యకి తగ్గినా అర్హతే. ఫీల్డ్ టెస్టు కాగితం రెండు కళ్లదీ పైన పెట్టి ఫైలు కట్టి ఇచ్చాను. వెళ్తూ కుర్రాడు గుమ్మం దగ్గర ఆగి తల ఎడమకీ కుడికీ తిప్పి, రెండు అంచులూ చూసుకుని బయటికి అడుగేశాడు.